తెలియని పెద్దవాళ్ల దగ్గర దారి అడిగేది ఎలా



సంఘం పుస్తకాలు ఎట్ల రాయాలో, అప్పు ఎట్ల తిరిగి కట్టాలో నేర్పేదానికి మనకు సీఆర్పీ అక్కలు ఉన్నారు. వాళ్లు ఊళ్లో కొన్ని రోజులుండి నేర్పించి పోతారు. అయితే పది, పదిహేనేండ్లకు సంబంధించిన నిర్ణయానికి ఇంకో రకం మనిషి కావాల. ఆ దారిలో ముందే నడిచి, ఎప్పుడన్నా మాట చెప్పే పెద్దమనిషి.

మా పుంగనూరు సంఘంలో ముగ్గురం టమాటా వదిలి ఒక ఎకరం మల్బరీ పెట్టాలనుకున్నాం. మల్బరీ ఒకసారి నాటితే పదేండ్లకు పైగా ఉంటుంది. నచ్చకపోతే వచ్చే పంటకు మార్చేది కాదు. అందుకని కుప్పం పక్క ఇరవై ఏండ్లుగా పట్టుపురుగులు మేపే అక్కను అడగాలనుకున్నాం. ఆమె మాకు తెలీదు. మండల సమాఖ్య అక్క ముందు ఆమెను అడిగి, సరే అన్నాకే మాకు నంబరు ఇచ్చింది.

నేరుగా ఫోన్ చేయలేదు. నాలుగో జ్వరం లేచినాక పురుగులు వారం రోజులు రాత్రీ పగలూ మేస్తాయి, అప్పుడు వాళ్లకు నిలబడే తీరిక ఉండదు. మెసేజ్ పెట్టినాం:

"అక్కా, నమస్కారం. మాది పుంగనూరు సంఘం. ఒక ఎకరంలో మల్బరీ పెట్టాలనుకుంటున్నాం. ఎండాకాలంలో బోరు నీళ్లు తగ్గుతాయి. ఆ నెలల్లో మీరు తోటను ఎట్ల నిలబెట్టుకున్నారో తెలుసుకోవాలని ఉంది. గూళ్లు అమ్మినాక ఎప్పుడన్నా పావుగంట వీలైతే చెప్పండి. వీలు కాకపోతే ఫరవాలేదు, ఏమీ అనుకోం."

ఇందులో ఒకే ప్రశ్న ఉంది చూడండి. "మల్బరీ మంచిదా?" అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. మన భూమి, మన నీళ్లు, మన ఇబ్బంది చెప్తేనే వాళ్ల అనుభవం మనకు పనికొస్తుంది. "కాదు" అనేదానికి కూడా దారి వదిలినాం.

జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తు చేయాల. ఆ తర్వాత ఆపేయాల. ఇంకొకరి చేత చెప్పించేది, చెప్పకుండా ఇంటికి పోయేది వద్దు. పిలిస్తే ఇద్దరే పోవాల. వాళ్లు రమ్మంటే తప్ప పురుగుల షెడ్డులోకి పోగూడదు, మన కాళ్లతో, చేతులతో రోగం లోపలికి పోతుంది. అప్పుకు జామీను, కూలీ పని, గుడ్లు ఇప్పించేది మొదటిసారే అడగగూడదు.

ఆ అక్క మాకు "ముందు అరెకరం పెట్టి, ఒక ఎండాకాలం చూడండి" అనింది. అట్లే చేసినాం. నెల తర్వాత ఏం చేసినామో రెండు వాక్యాల్లో రాసి పంపినాం. ఎండాకాలం గడిచినాక మళ్లీ రాసినాం. అప్పుడే, "మూడు నెలలకోసారి ఒక ప్రశ్న అడగొచ్చా అక్కా?" అన్నాం. సరే అనింది.

అయితే ఆమె నేల వేరు, మన నేల వేరు. ఆమె మాట విన్నాక పట్టు పరిశ్రమ శాఖ వాళ్లకు మన నేల, నీళ్లు చూపించాల. అప్పు లెక్క కోసం మదనపల్లెలో రిటైరైన బ్యాంకు సారును వేరుగా అడిగినాం. అన్నిటికీ ఒక్కరి మీదే భారం వేయలేదు.

మీ సంఘం కూడా ఈసారి మీటింగులో ఒక ప్రశ్న రాసుకోండి. ఎవర్ని అడగాలో తర్వాత వెతకండి.

సెలవు.