లాలాజలం వేగం కొలుద్దాం

అన్నం ముద్దను కాసేపు నమిలితే తియ్యగా మారుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది కాబట్టి. వేడిని బట్టి ఈ పని వేగం ఎలా మారుతుందో కొలిచి చూద్దాం.

ఒక పరీక్షనాళికలో ఒక శాతం పిండి ద్రావణం 5 మిల్లీలీటర్లు, మరో దాంట్లో నీళ్లు కలిపిన లాలాజలం 1 మిల్లీలీటరు తీసుకోండి. మార్చేది ఉష్ణోగ్రత ఒక్కటే. పరిమాణాలు, పీహెచ్ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. రెండు నాళికలనూ విడివిడిగా 5 నిమిషాలు, పరీక్షించదలచిన ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ల తొట్టిలో ఉంచి, ఆ తర్వాతే కలపాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. చల్లగా ఉండగానే కలిపేస్తే, మొదటి నిమిషాల్లో నాళిక లోపలి వేడి మనం రాసుకున్న వేడి కాదు.

ప్రతి 30 సెకన్లకు ఒక చుక్క తీసి, పింగాణీ పలక మీది అయోడిన్‌లో వేయండి. నీలం రావడం ఆగిన సమయం రాసుకోండి. అయోడిన్‌ను వేడి నాళికలోనే పోయకండి. ఆ వేడికే నీలం పోయి మనల్ని మోసం చేస్తుంది.

20 డిగ్రీల దగ్గర 480 సెకన్లు, 37 దగ్గర 120 సెకన్లు పట్టిందనుకుందాం. 1000ని సెకన్లతో భాగిస్తే వేగం 2.1, 8.3. గ్రాఫులో ఉష్ణోగ్రత అడ్డంగా, వేగం నిలువుగా పెట్టండి. గీత 40 చుట్టుపక్కల దాకా ఎక్కి, తర్వాత పడిపోతుంది. 80 దగ్గర నీలం పోనే పోదు. వేగం సున్నా.

ఐసులో ఉంచిన ఎంజైమ్ వెచ్చబడగానే మళ్లీ పనిలో పడుతుంది. మరిగించినది మాత్రం చల్లార్చినా పనిచేయదు.