తెల్లవారుజామున వచ్చే కల

తెల్లవారుజామున వచ్చిన కల ఫలిస్తుందా అని నన్ను అడిగేవారు చాలామంది. ఫలితం మాట అటుంచి, ఆ కలే ఎందుకు గుర్తుంటుందో నేటి శాస్త్రం చక్కగా చెబుతున్నది.

మాండూక్యోపనిషత్తు స్వప్నాన్ని, సుషుప్తిని వేరువేరు అవస్థలుగా ఎంచింది. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు, నిద్రలో మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వేగంగా కదిలే దశ ఒకటున్నదని ప్రకటించారు. ఆ సమయంలో లేపితే చాలామంది కల చెబుతారు. తక్కిన దశలలోనూ కలలు రాకపోవు గాని, అవి ఇంత స్పష్టంగా ఉండవు.

రాత్రి పదింటికి నిద్రపోయినవాడు తేలిక నిద్రను, గాఢనిద్రను దాటి, సుమారు 90 నిమిషాలకు ఈ దశకు చేరుతాడు. అప్పుడది కొద్ది నిమిషాలే. ఈ చక్రం నాలుగైదుసార్లు తిరిగేసరికి గాఢనిద్ర తరిగిపోయి, కలల దశ అరగంట దాకా పెరగవచ్చు. అందువల్ల వేకువన లేచేవాడు తరచు కల నడుమనుండే లేస్తాడు. అది గుర్తుండక ఏమవుతుంది?

అసలు కల ఎందుకు అన్నచోట శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయం లేదు. జ్ఞాపకాలను సర్దుకోవడానికని కొందరు, మనోవేగాలను చల్లార్చుకోవడానికని కొందరు అంటారు.

ఆ దశలో దేహం కదలకుండా మెదడు కండరాలను అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు తప్పితే మనిషి కలలోని పోట్లాటను మంచం మీదనే సాగిస్తాడు. మావంటి వయసువారు నిద్రలో తరచు అరుస్తూ, చేతులు విసురుతూ ఉంటే, గ్రహపీడ అని తాయెత్తు కట్టి ఊరుకోక, నరాల వైద్యునికి చూపించండి. కొందరిలో అది పార్కిన్‌సన్ వ్యాధికి ఏళ్ళ ముందే కనబడే గుర్తు.