ఒక మార్కు మారితే ఎంత రాయాలి? – బ్లాకు, ఫైలు, ఆబ్జెక్టు నిల్వ పద్ధతులు



ఈ రోజు మన పాఠం ఒక చిన్న సంఘటనతో మొదలుపెడదాం. ఒక కళాశాలలో అయిదు వేల మంది విద్యార్థులు ఉన్నారనుకోండి. వారిలో ఒక విద్యార్థి గణితం పేపరుకు రీవాల్యుయేషన్ కోరాడు. 58 మార్కులు 63 అయ్యాయి. పరీక్షల విభాగంలోని గుమాస్తా కంప్యూటరులో ఆ ఒక్క అంకె మార్చి ‘సేవ్’ నొక్కాడు. ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, ఆ ఒక్క అంకె మారడానికి డిస్కు మీద నిజంగా ఎంత సమాచారం తిరిగి రాయాలి?

దీనికి ఒకే సమాధానం లేదు. ఆ మార్కులను ఏ పద్ధతిలో నిల్వ చేశామన్నదాన్ని బట్టి కొన్ని కిలోబైట్లు కావచ్చు, ఇరవై గిగాబైట్లూ కావచ్చు. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే మూడు నిల్వ పద్ధతులూ మీకు అర్థమైనట్లే.

ముందుగా బ్లాకు నిల్వను చూద్దాం. డిస్కుకు ఫైళ్ళంటే ఏమిటో, మార్కులంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసినవల్లా వరుస సంఖ్యలు వేసిన గళ్ళు. పాత డిస్కుల్లో ఒక్కో గడి 512 బైట్లు, ఈనాటి డిస్కుల్లో ఎక్కువగా 4096 బైట్లు. ‘ఫలానా సంఖ్య గల గడి చదువు’, ‘ఫలానా గడిలో ఇది రాయి’ – ఈ రెండు ఆజ్ఞలు చాలు. డిస్కు సర్వరు లోపలే ఉండవచ్చు, లేదా నెట్‌వర్కు అవతల ఉండి సర్వరుకు సొంత డిస్కులాగే కనిపించవచ్చు. రెండింటినీ బ్లాకు నిల్వ అనే అంటాం.

మన కళాశాల మార్కుల డేటాబేసు 20 గిగాబైట్లు ఉందనుకుందాం. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు తన సమాచారాన్ని 8 కిలోబైట్ల పేజీలుగా విభజించుకుంటుంది. మార్కు మారినప్పుడు అది ముందుగా లాగ్ అనే చిట్టాలో ‘ఈ పేజీలో ఈ మార్పు’ అని రాసి, అది డిస్కు మీదకు చేరిందని నిర్ధారించుకుంటుంది. ఆ తరువాత వీలు చూసుకుని అసలు పేజీని రాస్తుంది. మొత్తం మీద రాసేది కొన్ని కిలోబైట్లు మాత్రమే. మిగిలిన 20 గిగాబైట్లను ఎవరూ తాకరు. ఉన్నచోటే, చిన్న ముక్కను, వెంటనే మార్చగలగడం బ్లాకు నిల్వకున్న బలం. అందుకే డేటాబేసులకు, వర్చువల్ యంత్రాల డిస్కులకు ఇదే తగినది.

మరి దీని పరిమితి ఏమిటి? ఒక డిస్కుకు సాధారణంగా ఒకే యజమాని ఉండాలి. లినక్సులో వాడే ఎక్స్‌ట్4 వంటి ఫైల్ సిస్టమ్, ఆ డిస్కు మీద రాసేది తానొక్కటే అని నమ్ముతుంది. ఏ గళ్ళు ఖాళీగా ఉన్నాయో ఆ జాబితాను తన మెమరీలో ఉంచుకుంటుంది. ‘రెండు సర్వర్లకు ఒకే డిస్కు తగిలిస్తే సమాచారం పంచుకోవచ్చు కదా’ అని ఎవరైనా అలా చేశారనుకోండి. మొదటి సర్వరు ఒక ఖాళీ గడిని ఒక ఫైలుకు కేటాయిస్తుంది. ఆ సంగతి తెలియని రెండో సర్వరు అదే గడిని ఇంకో ఫైలుకు ఇస్తుంది. ఒకదాని రాత మీద ఇంకొకటి పడుతుంది. మొదట్లో కనిపించే లక్షణం ఏమిటంటే, ఒక సర్వరులో పెట్టిన ఫైలు రెండోదానిలో కనిపించదు. కొంతకాలానికి తెర మీద ఈ సందేశం వస్తుంది:

```
Structure needs cleaning
```

అప్పటికే నష్టం జరిగి ఉంటుంది. ఒకే డిస్కును పంచుకోవడానికే తయారైన జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 వంటి ప్రత్యేక ఫైల్ సిస్టమ్‌లు ఉన్నాయి. అవి ఎవరు రాయాలన్నది సర్వర్ల మధ్య తాళాలతో తేల్చుకుంటాయి. మామూలు ఫైల్ సిస్టమ్‌తో మాత్రం ఆ పని చేయకూడదు.

మరి పదిమంది ఒకే సమాచారాన్ని వాడుకోవాలంటే ఎలా? దానికి జవాబే ఫైలు నిల్వ. ఇక్కడ డిస్కుకు యజమాని ఫైలు సర్వరు ఒక్కటే. మిగిలిన కంప్యూటర్లు గడి సంఖ్య అడగవు. ఫైలు పేరు, అది ఉన్న ఫోల్డరు చెప్పి అడుగుతాయి. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ ఈ కోవకు చెందినదే. విండోస్ కంప్యూటర్లు ఎస్‌ఎమ్‌బీ అనే పద్ధతిని వాడతాయి.

మీ కంప్యూటర్ ల్యాబ్‌నే తీసుకోండి. సోమవారం మూడో వరుసలో కూర్చుని రాసిన ప్రోగ్రామును బుధవారం మొదటి వరుసలో కూర్చుని తెరవగలుగుతున్నారంటే, మీ ఫోల్డరు ఆ కంప్యూటరులో కాక ఫైలు సర్వరులో ఉందన్నమాట. మీ ఫోల్డరును మీరే మార్చగలరు, మీ అధ్యాపకులు చదవగలరు – ఈ అనుమతులను సర్వరే చూసుకుంటుంది. ఇద్దరు ఒకే ఫైలు తెరిస్తే తాళం వేసే ఏర్పాటు కూడా ఉంది. ఫైలు మధ్యలోని కొన్ని బైట్లను మాత్రమే మార్చడమూ వీలవుతుంది.

అయితే దీనికి ఖరీదు ఉంది. ప్రతి ఫైలు తెరిచే ముందు పేరు వెతకడం, అనుమతి చూడడం వంటి సంభాషణ నెట్‌వర్కు మీద జరగాలి. ఒక్కో ఫైలుకు మూడు మాటలు, ఒక్కో మాటకు ఒక మిల్లీసెకను అనుకుందాం. ఒక ఫైలు తెరిస్తే మీకు తేడా తెలియదు. కాని పదివేల చిన్న ఫైళ్ళు ఒకదాని తరువాత ఒకటి తెరిచే ప్రోగ్రాముకు ముప్ఫై సెకన్లు ఈ మాటలకే పోతాయి. ఒకే ఫోల్డరులో లక్షల ఫైళ్ళు చేరితే `ls` అని కొట్టి చాలాసేపు ఎదురుచూడవలసి వస్తుంది. డిస్కులో చోటు మిగిలే ఉంది, అయినా పని సాగడం లేదంటే, ఇబ్బంది పరిమాణంలో కాదు, ఫైళ్ళ సంఖ్యలో ఉందని గుర్తించాలి.

ఇక మూడోది ఆబ్జెక్టు నిల్వ. దీన్ని రైల్వే స్టేషనులోని క్లోక్‌రూమ్‌తో పోల్చవచ్చు. పెట్టె ఇస్తాం, రసీదు తీసుకుంటాం. రసీదు చూపితే పెట్టె వస్తుంది. పెట్టె లోపలి చొక్కా మార్చి పెట్టమంటే క్లోక్‌రూమ్ గుమాస్తా చేయడు. పెట్టె మొత్తం తీసుకుని, మార్చుకుని, మళ్ళీ అప్పగించాలి. 2006 మార్చిలో అమెజాన్ సంస్థ ప్రారంభించిన ఎస్3 సేవ ఈ పద్ధతిని అందరికీ పరిచయం చేసింది. `PUT` అంటే దాచు, `GET` అంటే తెచ్చివ్వు. వెబ్ పేజీలు వాడే హెచ్‌టీటీపీ మార్గంలోనే ఇదంతా జరుగుతుంది.

మన కళాశాలలో దీనికి సరిపోయేది ఏది? స్కాన్ చేసిన జవాబు పత్రాలు. అయిదు వేల మందికి ఆరేసి పేపర్లు, అంటే ఒక సెమిస్టరుకు 30,000 పత్రాలు. ఒక్కొక్కటి 8 మెగాబైట్లనుకుంటే మొత్తం 240 గిగాబైట్లు. వీటిని ఒకసారి దాచాక ఎవరూ దిద్దరు, దిద్దకూడదు కూడా. ఎవరైనా అడిగినప్పుడు చూపితే చాలు. ఒక్కోదానికి ఇలాంటి పేరు పెడతాం:

```
2024/sem1/maths/410233.pdf
```

ఇది ఫోల్డరులో ఉన్నట్లు కనిపిస్తుంది కాని, ఇది మొత్తం ఒకే పేరు. గీతలు కూడా పేరులోని అక్షరాలే. మామూలు ఆబ్జెక్టు నిల్వలో `sem1` అన్నదాన్ని `sem2` అని మార్చాలంటే ఆ పేరుతో మొదలయ్యే 30,000 ఆబ్జెక్టులనూ కొత్త పేర్లతో నకలు చేసి, పాతవి తొలగించాలి. ఫైలు నిల్వలో ఇదే పని ఒక్క ఫోల్డరు పేరు మార్చడంతో క్షణంలో ముగుస్తుంది. కాబట్టి పేరు పెట్టేముందే ఆలోచించుకోవాలి.

ఆబ్జెక్టు మారదన్న నియమమే దాని లాభానికీ కారణం. డిస్కులు పాడవుతాయి కనుక ఏ నిల్వలోనైనా అదనపు నకళ్ళు ఉంచాలి. మూడు నకళ్ళు ఉంచితే 240 గిగాబైట్లకు 720 గిగాబైట్ల చోటు కావాలి. ఏ రెండు డిస్కులు పోయినా సమాచారం మిగులుతుంది. అలా కాకుండా ప్రతి ఆబ్జెక్టునూ నాలుగు ముక్కలు చేసి, వాటి నుండి గణితపు లెక్కతో మరో రెండు ముక్కలు తయారుచేసి, ఆరింటినీ ఆరు డిస్కుల్లో ఉంచవచ్చు. అప్పుడు కూడా ఏ రెండు పోయినా మిగిలిన నాలుగింటి నుండి అంతా తిరిగి వస్తుంది. చోటు మాత్రం 360 గిగాబైట్లే. ఈ లెక్క చిన్న చిన్న మార్పులు తరచుగా జరిగే చోట భారమవుతుంది. ఒక్క బైటు మారినా అదనపు ముక్కలను మళ్ళీ లెక్కించాలి. మారని ఆబ్జెక్టుకు ఆ శ్రమ ఒక్కసారే.

పాఠాల వీడియోలకూ ఇదే తగినది. వీడియో మధ్య నుండి చూడాలంటే మొత్తం తెచ్చుకోవాలా అని మీకు సందేహం రావచ్చు. అక్కర్లేదు. `GET`లో ‘ఇన్నో బైటు నుండి ఇన్నో బైటు వరకు’ అని అడగవచ్చు. ముక్కగా చదవవచ్చు, ముక్కగా దిద్దడమే కుదరదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. మార్కుల డేటాబేసు మొత్తాన్ని ఒకే 20 గిగాబైట్ల ఆబ్జెక్టుగా ఉంచితే ఏమవుతుంది? ఒక మార్కు మార్చడానికి మొత్తం తిరిగి పంపాలి. సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద 1,600 సెకన్లు, అంటే దాదాపు 27 నిమిషాలు. అదే సమయంలో మరో గుమాస్తా కూడా తన నకలులో ఇంకో విద్యార్థి మార్కు దిద్ది పంపితే? ఏ షరతూ పెట్టకపోతే చివరగా చేరినదే నిలుస్తుంది. మొదటి గుమాస్తా దిద్దిన మార్కు, ఏ హెచ్చరికా లేకుండా, పాత 58కి వెళ్ళిపోతుంది. పాత ప్రతులను భద్రపరిచే ‘వర్షనింగ్’ ఏర్పాటు ఉంటేనే, కొద్ది నిమిషాల తేడాతో రెండు ప్రతులు చేరాయని తెలుస్తుంది. లేకపోతే ఆ విద్యార్థి వచ్చి అడిగేవరకు ఎవరికీ తెలియదు.

అంతమాత్రాన డేటాబేసుకూ ఆబ్జెక్టు నిల్వకూ సంబంధం లేదనుకోకండి. ప్రతి రాత్రి తీసే డేటాబేసు బ్యాకప్‌ను దాచడానికి ఆబ్జెక్టు నిల్వే మేలు. పగలు మారుతూ ఉన్నప్పుడు ఆ సమాచారానికి బ్లాకు నిల్వ కావాలి. బ్యాకప్‌గా తీసిన ప్రతి ఇక మారదు కనుక దానికి ఆబ్జెక్టు నిల్వ చాలు. కాబట్టి ‘ఇది ఏ రకం సమాచారం’ అని కాక, ‘ఇది ఎలా మారుతుంది, ఎందరు మారుస్తారు’ అని అడగాలి. ఒకే యజమాని, తరచుగా చిన్న మార్పులు అయితే బ్లాకు. పలువురు ఫోల్డర్లుగా పంచుకుని మార్చుకునేదైతే ఫైలు. ఒకసారి రాసి పలుమార్లు చదివేదైతే ఆబ్జెక్టు. సెఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ మూడింటినీ ఒకే డిస్కుల సమూహం మీద అందిస్తుంది. డిస్కులు అవే, మనం వాటిని అడిగే తీరే వేరు.

చివరగా మీకొక అభ్యాసం. మీ కళాశాలలో హాజరు పట్టిక, గ్రంథాలయపు పుస్తకాల జాబితా, వార్షికోత్సవపు ఛాయాచిత్రాలు, అధ్యాపకులు కలిసి తయారుచేసే ప్రశ్నపత్రం – ఈ నాలుగింటినీ తీసుకోండి. ఒక్కోదానిలో ఒక చిన్న మార్పు జరిగితే ఎంత తిరిగి రాయాలో, ఎందరు ఒకేసారి రాస్తారో కాగితం మీద రాసుకుని, ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించండి.