కొత్త ప్లాంటుకి ప్రెస్ నోట్ రాయడం ఎలా? హెడ్డింగ్ నుంచి ఫోన్ నంబర్ దాకా

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క పని చేద్దాం. ఒక కంపెనీ కొత్త ప్లాంటు పెడుతోంది, దానికి ప్రెస్ నోట్ రాయాలి. ఇంగ్లీషులో ప్రెస్ రిలీజ్ అంటారు, మన జిల్లా విలేకరులు మాత్రం ప్రెస్ నోట్ అనే అంటారు. నేను ఒక పీఆర్ ఏజెన్సీలో ఇలాంటివి రాసే పనిలోనే ఉన్నాను. కాబట్టి డెస్క్‌లో ఏది నిలుస్తుందో, ఏది డస్ట్‌బిన్‌లోకి పోతుందో రోజూ చూస్తుంటాను.

ముందు ఒక నిజమైన ప్రకటన చూద్దాం. 2017 ఏప్రిల్ 27న కియా మోటార్స్, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర కార్ల ప్లాంటు పెడుతున్నట్టు ప్రకటించింది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా 3 లక్షల కార్ల కెపాసిటీ, 2017 చివర్లో పనులు మొదలు, 2019 రెండో సగంలో ఉత్పత్తి. ఎక్కడ, ఎంత, ఏం తయారవుతుంది, ఎప్పుడు? నాలుగూ ఉన్నాయి. ఇంకో విషయం గమనించండి. తేదీ చెప్పారు కాబట్టి జనం దాన్ని సరిచూసుకోగలిగారు. 2019 ఆగస్టులో అక్కడ సెల్టోస్ కారు ఉత్పత్తి మొదలైంది. అంటే ప్రెస్ నోట్ అనేది నలుగురి ముందు ఇచ్చే మాట. రెండేళ్ల తర్వాత ఎవరైనా దాన్ని తీసి చూపించి అడగొచ్చు.

మీ చేతికి కియా లాంటి పెద్ద కంపెనీ రాకపోవచ్చు, చిన్నదే వస్తుంది. అందుకే మనం ఒక ఊహా కంపెనీ తీసుకుందాం. చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ప్లాంటు అనుకోండి. ఊళ్లో జ్యూస్ ఫ్యాక్టరీ అంటారే, అదే. యజమాని మీకు వాట్సాప్‌లో ఇలా పంపాడు: "అరవై కోట్ల పెట్టుబడి, ఏడాదికి 87,600 టన్నుల కెపాసిటీ, వెయ్యి మందికి ఉద్యోగాలు. కాస్త బాగా రాసి పెట్టండి."

ఇక్కడే మన అసలు పని మొదలవుతుంది. రాసే ముందు ఈ మూడు అంకెల్నీ విప్పి చూడాలి.

మొదట కెపాసిటీ. 87,600 ఎలా వచ్చింది? మెషీన్ గంటకు 10 టన్నుల కాయ ఆడుతుంది. దాన్ని 24 గంటలతో, 365 రోజులతో గుణించేశారు. కానీ తోతాపురి ఏడాది పొడుగునా వస్తుందా? రాదు కదా. సీజన్ రెండు నెలలు అనుకుందాం, అరవై రోజులు. రోజులో నాలుగు గంటలు లైన్ కడగడానికి పోతుంది, ఇరవై గంటలు నడుస్తుంది. 10 ఇంటూ 20 ఇంటూ 60, పన్నెండు వేల టన్నులు. అదీ కాయ లెక్క. తొక్క, టెంక పోగా గుజ్జు సుమారు సగం, అంటే ఆరు వేల టన్నులు. 87,600 ఎక్కడ, 6,000 ఎక్కడ! రెండూ ఒకే మెషీన్ గురించే. అందుకే కెపాసిటీ రాసేటప్పుడు కాయా, గుజ్జా? గంటకా, సీజన్‌కా? ఈ రెండూ పక్కనే రాయాలి. లేకపోతే ప్లాంటుకి ఎంత కాయ కావాలో రైతు తప్పుగా అంచనా వేసుకుంటాడు.

రెండోది పెట్టుబడి. "ఈ అరవై కోట్లూ ఖర్చయిపోయాయా సార్?" అని అడగండి. అడిగితే తెలుస్తుంది, మొదటి దశలో నలభై పెట్టారు, మిగతా ఇరవై వచ్చే ఏడాది కోల్డ్ స్టోరేజీకి అనుకుంటున్నారు. మరి అలాగే రాయాలి. "పెట్టాం" వేరు, "పెడతాం" వేరు. తెలుగులో చిన్న తేడానే, విలేకరి పట్టుకునేది దాన్నే.

మూడోది ఉద్యోగాలు. దీని దగ్గర కొంచెం ఆగుదాం. ఎందుకంటే ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది ఆ వార్త చదివి సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లేవాళ్లే. ఆ వెయ్యిలో ఏముందో విప్పి చూస్తే, పర్మినెంట్ ఉద్యోగాలు తొంభై. సీజన్‌లో రెండు నెలలకి తీసుకునేవాళ్లు రెండొందల యాభై. మిగిలినవాళ్లు లారీ డ్రైవర్లు, హమాలీలు, తోట కూలీలు. వాళ్లకి పని దొరికే మాట నిజమే, కానీ జీతం ఇచ్చేది ఈ కంపెనీ కాదు. "పరోక్ష ఉపాధి" అని కలిపేస్తే వెయ్యి అవుతుంది. మనం మాత్రం తొంభై, రెండొందల యాభై అని విడివిడిగా రాద్దాం. ఏయే పనులకు తీసుకుంటారో, అప్లికేషన్ ఎక్కడ ఇవ్వాలో కూడా ఒక లైన్ రాస్తే ఎంతమందికి బస్ చార్జీ మిగులుతుందో ఆలోచించండి.

ఇంకో ప్రశ్న, "ప్రారంభం" అంటే ఏంటి? రిబ్బన్ కటింగా, ట్రయల్ రన్నా, అమ్మకానికి సరుకు తీయడమా? ఫ్యాక్టరీ కట్టడానికి కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఒక అనుమతి ఉంటుంది, నడపడానికి ఇంకోటి ఉంటుంది. ఆహారం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ కూడా కావాలి. నడిపే అనుమతి చేతికి రాకుండా "ఉత్పత్తి మొదలైంది" అని రాస్తే, ఆ పేపర్ కటింగే రేపు కంపెనీకి వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది. కాబట్టి ఆ కాగితాల కాపీలు అడిగి చూశాకే క్రియాపదం రాయండి. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. ముఖ్యమైన సమాచారం ముందు స్టాక్ ఎక్స్ఛేంజీకి వెళ్లాలి, ఆ తర్వాతే ప్రెస్‌కి. సెబీ నిబంధన అది.

ఇప్పుడు హెడ్డింగ్. యజమాని అడిగేది ఇలా ఉంటుంది: "పారిశ్రామిక రంగంలో నూతన అధ్యాయానికి శ్రీకారం." ఇందులో ఊరు లేదు, మామిడి లేదు, ఏమీ లేదు. దీన్ని సిమెంట్ ఫ్యాక్టరీకి పెట్టినా సరిపోతుంది. మనకి కావాల్సింది ఈ ప్లాంటుకి మాత్రమే సరిపోయే హెడ్డింగ్. ఇక మొత్తం నోట్ చూద్దాం. పేర్ల దగ్గర చుక్కలు పెట్టాను, మీరు నింపుకోండి.

తక్షణ విడుదల కోసం

చిత్తూరు జిల్లాలో కొత్త మామిడి గుజ్జు ప్లాంటు
ఈ సీజన్ నుంచే తోతాపురి కొనుగోలు. 90 శాశ్వత ఉద్యోగాలు

చిత్తూరు, జూన్ 2: … కంపెనీ చిత్తూరు జిల్లా … గ్రామంలో నిర్మించిన మామిడి గుజ్జు ప్లాంటులో జూన్ 10 నుంచి ఉత్పత్తి ప్రారంభిస్తోంది. మొదటి దశకు రూ.40 కోట్లు ఖర్చు చేసింది. కోల్డ్ స్టోరేజీ కోసం రెండో దశలో మరో రూ.20 కోట్లు వచ్చే ఏడాది పెట్టాలని ప్రతిపాదించింది.

ప్లాంటు గంటకు 10 టన్నుల మామిడి కాయలను ప్రాసెస్ చేస్తుంది. 60 రోజుల సీజన్‌లో సుమారు 12,000 టన్నుల కాయ కొని, 6,000 టన్నుల గుజ్జు తీయగలదు. శాశ్వత ఉద్యోగాలు 90, సీజన్‌లో రెండు నెలల పాటు మరో 250 మందికి పని ఉంటుంది. దరఖాస్తులు ప్లాంటు ఆఫీసులో ఇవ్వవచ్చు.

"కాయ తూకం వేసిన రోజే రైతుకు రసీదు ఇస్తాం. పదిహేను రోజుల్లో డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తాం. ఆ రోజు ధర ఎంతో పొద్దున్నే గేటు దగ్గర బోర్డు మీద రాస్తాం" అని కంపెనీ ఎండీ … తెలిపారు.

కంపెనీ గురించి: … సంవత్సరంలో మొదలైంది. ఇప్పటికే … లో ఒక ప్లాంటు నడుపుతోంది.

వివరాలకు: (పేరు), (హోదా), (మొబైల్), (ఈమెయిల్)

ఇంతే, ఒక పేజీ కూడా నిండలేదు. మొదటి పేరా ఒక్కటే వేసినా వార్త పూర్తిగా ఉంటుంది. జిల్లా పేజీలో చోటు తగ్గితే డెస్క్ వాళ్లు కింద నుంచి కత్తిరిస్తారు కాబట్టి ముఖ్యమైనది పైన ఉండాలి.

ఎండీ మాట చూడండి. మామూలుగా వచ్చే కోట్ ఏంటి? "ఈ ప్లాంటు ప్రారంభించడం మాకెంతో గర్వకారణం." ఆయన గర్వంతో రైతుకి ఏం పని? 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఏం జరిగిందో గుర్తుంది కదా. కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రైతుకి అందాలని లెక్క కట్టారు. ఫ్యాక్టరీల ముందు, ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరాయి. కాబట్టి చిత్తూరు పాఠకుడు ఈ వార్తలో వెతికేది ధర గురించి, డబ్బు ఎప్పుడు పడుతుందనేదాని గురించి. కోట్ ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. అయితే మీరే సొంతంగా ఒక మాట అల్లి ఎండీ నోట్లో పెట్టకూడదు. ఆయనతో పది నిమిషాలు మాట్లాడి, ఆయన అన్నదే రాసి, చదివి వినిపించి, "ఓకే" అని మెసేజ్ తీసుకోండి. పదిహేను రోజుల్లో చెల్లించగలరా అని అకౌంట్స్ వాళ్లని కూడా అడగండి. వాళ్లు నెల అంటే నెల అనే రాయండి. చెల్లింపు గురించి ఏ మాటా ఇవ్వలేమన్నారా, ఆ వాక్యమే తీసేయండి.

చివరిగా కాంటాక్ట్. డెస్క్‌లో పేజీలు కట్టేది సాయంత్రం దాటాకే. డౌట్ వచ్చి ఏడున్నరకి ఫోన్ చేస్తే, ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగి మోగి ఆగిపోతుంది. ఆ డౌట్ తీరక వార్త పక్కకి పోతుంది. అందుకే రాత్రి తొమ్మిది దాకా ఎత్తే మనిషి మొబైల్ నంబర్ ఇవ్వాలి. ఆ మనిషికి ముందే చెప్పి, ఈ అంకెల కాగితం చేతిలో పెట్టాలి.

పంపేటప్పుడు లెటర్‌హెడ్ ఫోటో తీసి వాట్సాప్‌లో పడేయకండి. ఫోటోలో ఉన్నదాన్ని ఎవరో మళ్లీ టైప్ చేయాలి, అక్కడే 40 కాస్తా 400 అవుతుంది. యూనికోడ్ తెలుగులో, మెయిల్ బాడీలోనే టెక్స్ట్ పెట్టండి. ప్లాంటు ఫోటో విడిగా, ఎవరు ఎటువైపు ఉన్నారో క్యాప్షన్‌తో జత చేయండి.

పంపే ముందు ఒక్క పరీక్ష. నోట్‌లో ఉన్న ప్రతి అంకె కింద పెన్సిల్‌తో గీత గీయండి. ప్రతి గీతకీ ఒక కాగితమో, జవాబు చెప్పే ఒక మనిషో ఉండాలి. ఏ గీత పక్కనైనా ఎవరూ లేకపోతే, ఆ అంకె కొట్టేసి నోట్ పంపేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో, ప్లాంటు ప్రారంభం వాయిదా పడితే ఆ ప్రెస్ నోట్ ఎలా రాయాలో చూద్దాం.