కాలు అడ్డం పడితే అవుటేనా?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు చెప్పేశారు. నన్ను కార్యదర్శి గారు వేరే పని మీద లేపారు. పోయిన నెల మన సంఘ కార్యాలయంలో టీవీలో క్రికెట్ చూస్తూ ఇద్దరు సభ్యులు మాటా మాటా అనుకున్న సంగతి మీకు తెలుసు. బంతి లెగ్ స్టంపుకు రాసుకుని పోతున్నట్టు తెర మీద స్పష్టంగా చూపించారు. అయినా నాటౌట్ అన్నారు. "వికెట్లకు తగులుతుంటే నాటౌట్ ఏమిటయ్యా, ఇది అన్యాయం" అని ఒకరు, "రూలు అంతే" అని మరొకరు. ఆ రూలేమిటో చెప్పమంటే రెండోవారు చెప్పలేకపోయారు. ఒకప్పుడు ఆఫీసుల మధ్య జరిగే మ్యాచ్‌లకు అంపైరుగా నిలబడ్డవాణ్ణి కాబట్టి ఆ బాధ్యత నా మీద పడింది.

ఎల్బీడబ్ల్యూ అనేది మూడు టేబుళ్ళు దాటవలసిన ఫైలు. మొదటి టేబుల్లో ప్రశ్న, బంతి నేల మీద ఎక్కడ పడింది? రెండో టేబుల్లో, ఆటగాడి ఒంటికి ఎక్కడ తగిలింది? మూడో టేబుల్లో, అతను అడ్డం లేకపోతే వికెట్లకు తగిలేదా? మొదటి టేబుల్లో తిరస్కరిస్తే ఆ ఫైలు ఇక మూడో టేబులుకు పోదు. మనం టీవీ ముందు కూర్చున్నవాళ్ళం ఎప్పుడూ మూడో టేబుల్ దగ్గరే నిలబడి కేకలు వేస్తాము. నేనూ ఒకసారి అదే పని చేశాను, అదీ మైదానం నడిమధ్యన, తెల్లకోటు వేసుకుని.

1984 డిసెంబరులో ధర్మవరంలో ఆఫీసుల జట్ల మధ్య పోటీ. కొబ్బరిపీచు చాప పరిచిన పిచ్. ధర్మవరం జట్టులో ఒక కుర్రాడు, కుడిచేతి వాటం, నలభై ఒక్క పరుగులు చేసి నిలకడగా ఆడుతున్నాడు. హిందూపురం జట్టు తరఫున ఎడమచేతి వాటం ఫాస్ట్ బౌలరు బంతి వేస్తున్నాడు. ఒక బంతి వచ్చి కుర్రాడి మోకాలి కింద, సరిగ్గా నడి వికెట్ ముందు, టప్‌మని తగిలింది. పదకొండు మందీ అరిచారు. నాకు కాలు కనబడింది, కాలి వెనక వికెట్లు కనబడ్డాయి. వేలెత్తేశాను. కుర్రాడు ఒక్క క్షణం నా వంక చూసి, బ్యాటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ధర్మవరం జట్టు కుప్పకూలింది.

సాయంత్రం ప్యాసింజరులో తిరిగి వస్తున్నాము. మా జట్టు వికెట్ కీపరుది పెనుకొండ. కొండ కనబడగానే సంచీ సర్దుకుంటూ, గెలిచిన జట్టువాడు, నా చెవి దగ్గరకు వంగి, "సార్, ఆ బంతి లెగ్ స్టంపుకు బయట పడింది సార్. నేను అటు జరిగే పట్టుకోబోయినాను" అని చెప్పి దిగిపోయాడు. హిందూపురం వచ్చేదాకా నాకు మాట లేదు.

ఎందుకంటే రూలు చాలా ఖచ్చితం. బంతి లెగ్ స్టంపు గీతకు బయట పడితే, అది తర్వాత ఎటు తిరిగినా, నడి వికెట్‌ను లేపేసేదే అయినా, ఎల్బీడబ్ల్యూ లేదు. బౌలరు వైపు మొహం పెట్టి నిలబడితే కుడిచేతి వాటం ఆటగాడికి కుడిచేతి పక్క ఆఫ్, ఎడమచేతి పక్క లెగ్. ఎడమచేతి వాటం వారికి ఇది తారుమారు. లెగ్ వైపు నుంచి వచ్చే బంతి ఆటగాడి వీపు వైపు నుంచి వచ్చినట్టు. దాన్ని సరిగా చూసి ఆడటం కష్టం. అక్కడ పడ్డ బంతికి కూడా అవుటిస్తే బౌలర్లంతా కాళ్ళ వెనకే వేస్తూ కూర్చుంటారు, చూడటానికి ఆటా ఉండదు.

మర్నాటి ఆదివారం నేను హిందూపురం మైదానానికి పురికొస తీసుకుపోయాను. నాతో వచ్చిన మిత్రుడిది ధర్మవరం నేత కుటుంబం. పడుగు దారం లాగినట్టు ఈ చివరి స్టంపు నుంచి ఆ చివరి స్టంపు దాకా రెండు వైపులా బిగించి కట్టాడు. రెండు కొసల మధ్య దూరం 22 గజాలు, అంటే 66 అడుగులు. రెండు దారాల మధ్య వెడల్పు తొమ్మిది అంగుళాలు. అంతే! టీవీలో రంగు వేసి చూపే ఆ బాట మన జానెడు వెడల్పు. ఆ సన్నటి బాటను నిలబడి చూసినప్పుడు గాని, నేనెంత తొందరపడ్డానో నాకు తెలియలేదు.

ఆ ఎడమచేతి బౌలరునే పిలిచి లెక్క వేశాము. అంపైరుకు కుడిపక్క నుంచి వచ్చి, నడి వికెట్ గీతకు సుమారు రెండు అడుగులు, అంటే 24 అంగుళాలు, పక్కగా బంతి వదులుతాడు. అక్కడి నుంచి అవతలి వికెట్లు 62 అడుగులు. బంతి తిన్నగా నడి వికెట్ వైపు వస్తున్నదనుకుందాం. 62 అడుగులలో 24 అంగుళాలు లోపలికి రావాలి. మంచి లెంగ్త్ బంతి వికెట్లకు ఇరవై అడుగుల ముందు పడుతుంది. అక్కడ అది నడి గీతకు ఇంకా దాదాపు ఏడుముప్పావు అంగుళాల దూరంలో ఉంటుంది. లెగ్ స్టంపు అంచు నడి గీతకు నాలుగున్నర అంగుళాలే. అంటే బంతి మూడంగుళాల పైచిలుకు బయట పడుతుంది. నడి వికెట్‌కు తగిలే బంతే, కాని అవుట్ కాదు!

కాబట్టి అటువంటి బౌలరుకు కుడిచేతి ఆటగాడు ఎల్బీడబ్ల్యూ కావాలంటే రెండే మార్గాలు. బంతి బాగా ముందుకు, వికెట్లకు పదకొండు పన్నెండు అడుగుల లోపల పడాలి. లేదా గాలిలో ముందే లోపలికి వంగి గీతలో పడి, పడ్డాక తిన్నగా పోవాలి. ఈ రెండూ లేకుండా మామూలు లెంగ్తులో పడి మోకాలికి తగిలితే, పదకొండు మంది కాదు, ఊరంతా అరిచినా అంపైరు చేయి జేబులోనే ఉండాలి. ఒక్క మినహాయింపు: బంతి నేల తాకకుండా నేరుగా కాలికి తగిలితే మొదటి టేబుల్ ప్రశ్నే లేదు.

ఇక రెండో టేబుల్. తగిలిన చోటు రెండు దారాల మధ్య ఉండాలి. ఆఫ్ స్టంపుకు బయట తగిలితే, ఆటగాడు నిజంగా ఆడబోయి తప్పిపోయినవాడైతే, నాటౌట్. బ్యాటు ఊరికే ఎత్తిపట్టి కాలు అడ్డం పెట్టినవాడైతే అవుట్ ఇవ్వవచ్చు. ఈ "ఆడబోయాడా లేదా" అన్న మాట రూల్లోకి రావడానికి ఒక కథ ఉంది. 1957లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో వెస్టిండీస్ స్పిన్నరు రామదీన్‌ను ఇంగ్లండ్ ఆటగాళ్ళు పీటర్ మే, కౌడ్రీ ప్యాడ్లతో అడ్డుకున్నారు. కాలు ఆఫ్ స్టంపుకు బయట ఉన్నంతవరకు అప్పటి రూలు ప్రకారం వాళ్ళకు భయం లేదు. ఇద్దరూ కలిసి 411 పరుగులు జోడించారు. పాపం, రామదీన్ ఆ ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేశాడు. అది ఆటా అని విమర్శ వచ్చింది. 1970 నుంచి ప్రయోగంగా మార్పు తెచ్చి, 1980 నిబంధనావళిలో స్థిరపరిచారు.

మూడో టేబుల్ ఊహ. బంతి ఆగిపోయింది, ఆగకపోతే ఎటు పోయేదో అంపైరు మనసులో గీత గీసుకోవాలి. దీనికి మీరంతా చూసిన ఉదాహరణే ఉంది. 2011 మార్చి 30న మొహాలీలో పాకిస్తాన్‌తో ప్రపంచ కప్ సెమీఫైనల్. టెండుల్కర్ 23 పరుగుల మీద ఉండగా అజ్మల్ వేసిన బంతి ప్యాడుకు తగిలింది, అంపైరు ఇయాన్ గౌల్డ్ వేలెత్తాడు. అవతలి కొసనున్న గంభీర్‌తో మాట్లాడి టెండుల్కర్ సమీక్ష కోరాడు. బంతి లెగ్ స్టంపును తప్పించుకుని పోతున్నట్టు తెర మీద వచ్చింది. నిర్ణయం తిరగబడింది. అతను 85 చేశాడు, మనం 29 పరుగులతో గెలిచాము. అంత అనుభవమున్న అంపైరు కూడా ఈ మూడో టేబుల్ దగ్గర తడబడతాడు. నిలబడి ఊహించడం అంత కష్టం.

మన ఇద్దరు మిత్రుల తగాదా కూడా ఇక్కడిదే. యంత్రం గీసే గీత కూడా లెక్కే, కళ్ళతో చూసింది కాదు. అందుకని బంతిలో సగానికి తక్కువ భాగమే వికెట్లకు తగులుతున్నట్టు వస్తే, మైదానంలోని అంపైరు ముందు చెప్పిన మాటనే ఉంచుతారు. ఆయన అవుటంటే అవుట్, కాదంటే కాదు. ఆ రోజు ఆయన నాటౌట్ అన్నాడు కాబట్టి నాటౌట్. అదే బంతికి వేలెత్తి ఉంటే ఆటగాడు ఇంటికి పోయేవాడు. మొదటి టేబుల్లో మాత్రం ఈ సౌకర్యం లేదు. బంతి పడిన చోటు కంటికి కనబడే సంగతి కాబట్టి బయట పడిందంటే అంపైరు ఏమన్నా ఒక్కటే జవాబు, నాటౌట్.

ఇక ధర్మవరం కుర్రాడి సంగతి. మూడు నెలలకు ఆఫీసు పని మీద ఆ ఊరు పోయినప్పుడు వెతుక్కుని వెళ్ళి, "నాయనా, ఆ రోజు నువ్వు అవుట్ కాదు. బంతి బయట పడింది, నేను చూడలేదు" అన్నాను. పురికొస సంగతీ చెప్పాను. అతను నవ్వి, "నాకప్పుడే తెలుసు సార్. కాని మీరు నా కాలే చూస్తా ఉండ్రి" అన్నాడు. తర్వాత కాఫీ తాగించి, ఎడమచేతి బౌలరు వచ్చినప్పుడు ఎక్కడ నిలబడాలో, ఏ బంతిని నిశ్చింతగా వదిలేయవచ్చో నా చేత నేల మీద సుద్దముక్కతో గీయించుకున్నాడు.