ఖాతా మూయడానికి ముందు

(చాపాడులో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకులో ఖాతా తెరవమని మనకు చెప్పినవాళ్లు చాలామంది. దాన్ని ఎలా మూయాలో చెప్పినవాళ్లు తక్కువ. ఖాతా ఆమె పేరు మీదే ఉంటుంది, ఏటీఎం కార్డు మాత్రం భర్త జేబులో, మెసేజీలు వచ్చే ఫోను కొడుకు చేతిలో ఉంటాయి. అందుకే ఆ ఖాతా మూసేసి, సొంత నంబరుతో వేరే బ్యాంకులో ఇంకొకటి పెట్టుకుంటామంటారు. న్యాయమైన కోరికే. అయితే ఆ ఖాతాకు ఏమేం కట్టి ఉన్నాయో చూడకుండా మూస్తే నష్టపోయేది మనమే.

ఒకామెను ఊహించుకుందాం. వయసు 52. గ్రామీణ బ్యాంకులో పాత జనధన్ ఖాతా. అందులో నుంచి ఏటా మే నెలాఖరున రెండు మొత్తాలు వాటంతటవే పోతాయి. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రెండు లక్షలు ఇస్తుంది. రెండోది ప్రమాదాలకు. ఈమె జూలైలో ఖాతా మూసిందనుకోండి. ఏడాదికి సరిపడా డబ్బు మేలోనే కట్టినా, ఖాతాతోపాటు బీమా కూడా ఆగిపోతుంది. పథకం నిబంధనే అది. కొత్త బ్యాంకులో చేరదామంటే, జీవనజ్యోతిలో 50 ఏళ్లు దాటినవారిని కొత్తగా చేర్చుకోరు. అంతకు ముందే చేరినవాళ్లు మాత్రం 55 వరకు కొనసాగవచ్చు. అంటే రెండు లక్షల హామీ ఒక్క సంతకంతో పోయినట్టే. 50 లోపు వాళ్లు మళ్లీ చేరవచ్చు గానీ, మొదటి 30 రోజుల్లో ప్రమాదం వల్ల కాకుండా వేరే కారణంతో చనిపోతే డబ్బు రాదు. సురక్షా బీమాకు 70 ఏళ్ల వరకు అవకాశం ఉంది కాబట్టి అంత చిక్కు లేదు.

కనుక ఈమెకు నా సలహా, ఖాతా మూయవద్దనే. ఫోను నంబరు మార్పించుకుని, పాత కార్డు రద్దు చేయించి, కొత్త కార్డు తన చేతికే తీసుకుంటే కోరిన స్వేచ్ఛ దక్కుతుంది, బీమా నిలుస్తుంది.

మూయక తప్పదనుకున్నవాళ్లు ముందు పాసుపుస్తకంలో ఒక పూర్తి సంవత్సరం ముద్ర వేయించండి. మూడు నెలలది చాలదు, బీమా కోత ఏడాదికొక్కసారే కనిపిస్తుంది గదా. వాటంతటవే పోయిన ప్రతి మొత్తం కింద గీత గీసి, ఒక్కొక్కదాన్నీ రద్దు చేయమని విడిగా అర్జీ రాయండి. మైక్రోఫైనాన్స్ వాయిదా ఉంటే జాగ్రత్త. కోత ఆపితే అప్పు ఆగదు. ఆ కంపెనీకి కొత్త ఖాతా నంబరు ఇచ్చి, అక్కడినుంచి ఒక వాయిదా కట్టుబడ్డాకే పాతది మూయాలి. ఖాతాలో డబ్బు లేక వాయిదా వెనక్కిపోతే జరిమానాతో ఆగదు, చెక్కు బౌన్సు మాదిరే కేసు పెట్టే వీలు 2007 నాటి చట్టంలో ఉంది. ఉపాధి కూలి, గ్యాసు రాయితీ లాంటివి ఆధార్‌తో జోడించిన ఖాతాకే వస్తాయి. ఆ జోడింపు కూడా కొత్తదానికి మార్పించి, ఒకసారి డబ్బు అందిందాకా ఆగండి.

రుసుము సంగతి. పాత ఖాతాకు సాధారణంగా ఏమీ ఉండదు. తెరిచిన ఏడాదిలోపు మూస్తేనే చాలా బ్యాంకులు వసూలు చేస్తాయి. 500 అన్నచోట జీఎస్టీ 90 కలిపి 590 పోతుంది. తెరిచిన 14 రోజుల్లోపు మూస్తే మామూలుగా తీసుకోరు. చార్జీల పట్టిక చూపించమని అడగండి, శాఖలో అది ఉండాలి. కనీస నిల్వ లేదన్న జరిమానాతో ఖాతా మైనస్‌లోకి పోయింది, ముందు అది కట్టమంటే ఒప్పుకోవద్దు. ఆ జరిమానాతో ఖాతాను సున్నా కిందికి దించరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది.

ఇక రుజువు. కౌంటరులో "అయిపోయిందిలే అమ్మా" అన్న మాట కాగితం కాదు. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర, సంతకం తీసుకోండి. పాసుపుస్తకం అప్పగించేముందు జిరాక్సు తీయించండి. మిగిలిన డబ్బు చేతికి కాకుండా కొత్త ఖాతాకు పంపమని రాయండి, అదీ ఒక సాక్ష్యమే. చివరగా ఖాతా నంబరు, మూసిన తేదీ, బాకీ ఏమీ లేదన్న మాట ఉన్న ఉత్తరం అడగండి. మన జిల్లాలో దీని అవసరం ఎక్కువ. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న రాష్ట్రంలోని ఇతర గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పేరు మారింది, మేనేజర్లు బదిలీ అవుతుంటారు. నాలుగేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే జవాబు చెప్పేది మీ ట్రంకు పెట్టెలోని ఆ ఉత్తరమే.

ఇవ్వనంటే శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఎలా రాయాలో చెబుతారు. ముద్ర పడిన ఆ రెండో ప్రతిని దానికి జతచేయండి.