అమ్మకి 24, కూతురికి 8: లెక్క సరిపోయింది, జవాబు తప్పు

ఈ రోజు ఒకే ఒక్క వర్క్‌షీట్ చూద్దాం. అది కూడా ఫోన్‌లో ఫోటో తీసి పంపిన వర్క్‌షీట్. పంపింది మా అక్క కూతురు, పదో తరగతి చదువుతోంది. మొన్న రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక ఫోటో, దాని కింద ఒక మెసేజ్: "పిన్నీ, మా సార్ నా లెక్క తప్పు కొట్టేశారు. నేను చెక్ చేశాను, సరిపోయింది. రేపు సార్‌ని అడగనా?"

సరే, ముందు నన్ను చూడనివ్వు అన్నాను. కానీ ఆ ఫోటోలో చివరి ప్రశ్న ఒక్కటే ఉంది. "ఎన్ని సంవత్సరాల తర్వాత తల్లి వయసు కూతురి వయసుకు రెట్టింపు అవుతుంది?" అని. ఎవరి తల్లి? ఎంత వయసు? ఆ వివరాలన్నీ పై ప్రశ్నలో ఉన్నాయి, తను దాన్ని క్రాప్ చేసేసింది. (అ), (ఆ), (ఇ) అని ఉన్న ప్రశ్నల్లో కిందిది చాలాసార్లు పైదాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే కాగితం నాలుగు మూలలూ కనపడేలా మొత్తం పేజీ మళ్లీ పంపమన్నాను.

రెండో ఫోటో వచ్చింది. (అ) ఇలా కనిపించింది:

2x + 3y = 13
5x + 2y = 4

నేను కాగితం తీసుకుని చేశాను. మొదటిదాన్ని 2తో, రెండోదాన్ని 3తో గుణిస్తే 4x + 6y = 26, 15x + 6y = 12. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 11x = −14. అంటే x = −14/11. భిన్నం రాకూడదని రూలేం లేదు. కానీ ఇలాంటి ప్రాక్టీస్ షీట్‌లో మొదటి లెక్కకే ఇంత వికారమైన సంఖ్య వస్తే నేను ముందు నా చేతిని కాదు, ఫోటోని అనుమానిస్తాను.

జూమ్ చేసి చూశాను. కాగితాన్ని నిలువుగా మడత పెట్టి బ్యాగులో పెట్టుకుంది. ఆ మడత గీత సరిగ్గా మైనస్ గుర్తు మీదుగా పోయింది. అడ్డగీత మీద నిలువు గీత పడితే ఏమవుతుంది? ప్లస్ అవుతుంది! ఎలా తెలిసిందంటే, అసలు ప్లస్‌లో నిలువు గీత చిన్నగా అక్కడికక్కడే ఆగిపోతుంది. ఈ గీత మాత్రం పై లైన్లోకీ, కింది లైన్లోకీ సాగిపోయింది. తనని కాగితం చూసి చెప్పమంటే, "అవును పిన్నీ, మైనసే" అంది.

ఇప్పుడు సరైన జత ఇది:

2x + 3y = 13
5x − 2y = 4

అవే గుణకాలు: 4x + 6y = 26, 15x − 6y = 12. ఇప్పుడు y గుర్తులు వేరు కాబట్టి కూడాలి. 19x = 38, x = 2. మొదటి సమీకరణంలో పెడితే 4 + 3y = 13, y = 3. రెండోదాంట్లో చూస్తే 10 − 6 = 4. అయిపోయింది.

ఇక అసలు గొడవ (ఆ) దగ్గర. ప్రశ్న ఇది: "4 సంవత్సరాల క్రితం తల్లి వయసు కూతురి వయసుకు 5 రెట్లు. 3 సంవత్సరాల తర్వాత తల్లి వయసు కూతురి వయసుకు 3 రెట్లు అవుతుంది. వారి ప్రస్తుత వయసులు ఎంత?"

ప్రస్తుతం తల్లి వయసు x, కూతురి వయసు y అనుకుందాం. సమీకరణం రాసేముందు నేను నాలుగు వయసులు విడిగా రాసుకుంటాను. 4 ఏళ్ల క్రితం: తల్లి x − 4, కూతురు y − 4. 3 ఏళ్ల తర్వాత: తల్లి x + 3, కూతురు y + 3. కాలం ఇద్దరికీ ఒకేలా జరుగుతుంది కదా! తల్లికి మాత్రమే మార్చి కూతుర్ని y దగ్గరే వదిలేసేవాళ్లు ఉంటారు. అలా x − 4 = 5y, x + 3 = 3y అని రాస్తే y విలువ −3.5 వస్తుంది. వయసు మైనస్‌లో వచ్చింది కాబట్టి ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది.

మా అమ్మాయి ఆ తప్పు చేయలేదు. సమీకరణాలు చక్కగా రాసింది:

x − 4 = 5(y − 4)
x + 3 = 3(y + 3)

మొదటిదాన్ని సరిగ్గానే విప్పింది: x = 5y − 16. రెండోదాంట్లో 3ని yతో గుణించి, పక్కనున్న 3ని అలాగే దింపేసింది: x + 3 = 3y + 3. అంటే x = 3y. ఇక 5y − 16 = 3y, y = 8, x = 24. తల్లికి 24, కూతురికి 8.

చూడండి, భిన్నం లేదు, మైనస్ లేదు. పైగా తను చెక్ కూడా చేసింది. x + 3 = 3y + 3లో పెడితే 27 = 27. అందుకే సార్‌దే తప్పనుకుంది. తను చెక్ చేసింది ప్రశ్నని కాదు, తను తప్పుగా విప్పిన లైన్‌ని. తప్పు ఎక్కడ జరిగిందో అదే లైన్లో విలువలు పెడితే ఎప్పుడూ సరిపోతూనే ఉంటుంది.

"సమీకరణాలు మూసేసి ప్రశ్న మాత్రమే చదువు" అన్నాను. 4 ఏళ్ల క్రితం 20, 4. ఐదు రెట్లు, సరే. 3 ఏళ్ల తర్వాత 27, 11. మూడు రెట్లంటే 33 ఉండాలి కదా? ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత చిన్నగా, "ఓ... ఆ మూడుని కూడా గుణించాలి" అంది.

గుణిస్తే x + 3 = 3y + 9, x = 3y + 6. ఇప్పుడు 5y − 16 = 3y + 6, 2y = 22, y = 11, x = 39. మాటల్లో చూద్దాం: 4 ఏళ్ల క్రితం 35, 7, ఐదు రెట్లు. 3 ఏళ్ల తర్వాత 42, 14, మూడు రెట్లు. రెండూ కుదిరాయి.

ఇప్పుడు (ఇ)కి సమీకరణం కూడా అక్కర్లేదు. ఇద్దరి మధ్య తేడా 39 − 11 = 28. ఆ తేడా ఎన్నేళ్లయినా మారదు. తల్లి వయసు రెట్టింపు అవ్వాలంటే ఆ తేడా కూతురి వయసుతో సమానం కావాలి, అంటే కూతురికి 28 రావాలి. ఇప్పుడు 11 కాబట్టి ఇంకా 17 ఏళ్లు. అప్పుడు తల్లికి 56. తను మాత్రం పాత జవాబుతో తేడా 16 తీసుకుని "8 ఏళ్లు" అని రాసింది. (ఇ)లో పద్ధతి సరిగ్గానే ఉంది, (ఆ)లో బ్రాకెట్ దగ్గర వదిలేసిన గుణకారం ఇక్కడిదాకా వచ్చింది.

చివరికి తను సార్ దగ్గరికి వెళ్లిందా అంటే, వెళ్లింది. మార్కు అడగడానికి కాదు, (ఇ) పద్ధతి సరైందేనా అని అడగడానికి.

మీకో లెక్క. 6 ఏళ్ల క్రితం తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 4 ఏళ్ల తర్వాత రెండున్నర రెట్లు అవుతుంది. ఇప్పుడు ఎవరికి ఎంత? జవాబు వచ్చాక సమీకరణంలో కాదు, నేను ఇప్పుడు చెప్పిన ఈ మాటల్లోనే పెట్టి చూసుకోండి. ఉంటాను మరి.